పెరుగు తీసేసిన సూక్తి

మా విశ్వవిద్యాలయంలో ఎవరు ఏ మంచి మాట అన్నా అది కొమరగిరి సదాశివయ్య గారు అన్నట్టే లెక్క. మొదట్లో ఇది అలవాటు. నియమం తరవాత వచ్చింది.

సదాశివయ్య గారు మా జిల్లాలో ఊరూరా తిరిగి బడులు పెట్టించిన పెద్దమనిషి. ఆయన పోయి ఎనభై ఏళ్ళు దాటింది. విశ్వవిద్యాలయానికి ఆయన పేరు పెట్టారు, గేటు దగ్గర విగ్రహం పెట్టారు, ప్రతి హాల్లోనూ ఫోటో పెట్టారు. అంతా పెట్టాక చూసుకుంటే ఆయన మాటలు మాత్రం ఎక్కడా లేవు. మహానుభావుడు తక్కువ మాట్లాడేవారట. ఆయన స్వయంగా రాసి సంతకం చేసినట్టు రుజువున్నది ఒకే ఒక్క వ్యాసం. అది పశువుల గాలికుంటు జబ్బు మీద. అందులో స్ఫూర్తి తక్కువ, సున్నపు నీళ్ళు ఎక్కువ.

వర్సిటీ స్వర్ణోత్సవానికి ఈ లోటు పూడ్చాలని వైస్ చాన్సలర్ గారు 'సదాశివయ్య సూక్తి పీఠం' స్థాపించారు. పని ఒకటే: ఆయన సూక్తులు వంద సేకరించి 'శతవాణి' పేరుతో అచ్చు వెయ్యడం. డైరెక్టరు ఆచార్య నరహరి గారు. ప్రాజెక్టు సహాయకుణ్ణి నేను. నా పేరు సన్యాసిరావు, అయినా పీఠంలో నన్నెవరూ పేరుతో పిలవరు. పేర్లన్నీ ఒకాయనకే ఖర్చయిపోతున్నాయి కదా.

"సేకరణలో శ్రద్ధ ముఖ్యం నాయనా," అన్నారు నరహరి గారు మొదటిరోజే. "సందేహం వద్దు. సందేహం పరిశోధనకి శత్రువు."

నేను శ్రద్ధగా సేకరించాను. శ్రద్ధ ఉన్నవాడికి సూక్తులు ఎలా దొరుకుతాయో అప్పుడే తెలిసింది.

ఒక రంగస్థల సమాజం వాళ్ళు సదాశివయ్య గారి మీద నాటకం ఆడేవారు. అందులో హీరో చేతులు చాపి, 'బడి లేని ఊరు దీపం లేని గర్భగుడి' అంటాడు. నాటకం రాసినాయన ఇంకా బతికే ఉన్నారు, ఆ డైలాగు తనే రాశానని చెప్పారు కూడా. "మరి నాటకంలో అన్నది ఎవరండీ?" అని నరహరి గారు అడిగారు. "సదాశివయ్య పాత్ర," అన్నాడాయన. "చూశారా, మీరే ఒప్పుకున్నారు," అన్నారు నరహరి గారు. సూక్తి రాసుకున్నాం.

సదాశివయ్య గారి జీవితచరిత్ర రాసిన హెడ్మాస్టరు ఒక అధ్యాయం చివర, 'ఆయన జీవితమంతా చూస్తే ఇచ్చినది దాచుకోలేదు, దాచినది ఇవ్వకుండా పోలేదు అనిపిస్తుంది' అని తన మాటగా రాశారు. పీఠంలో 'అనిపిస్తుంది' తీసేసి, ముందూ వెనకా కొటేషన్ గుర్తులు పెట్టాం. ఆయన గురించి అన్న మాట ఆయనే అన్న మాట అయింది. రెండు గుర్తులకి ఇంత బలం ఉందని బళ్ళో నాకెవరూ చెప్పలేదు.

ఒక సభలో సదాశివయ్య గారు, 'మా స్నేహితుడొకాయన అంటుంటాడు' అని మొదలుపెట్టి ఒక మంచి మాట చెప్పారని పాత పత్రికలో ఉంది. స్నేహితుడి పేరు పత్రికవాళ్ళు వెయ్యలేదు. పేరు లేనివాడు సూక్తిని ఏం చేసుకుంటాడని మేమూ ఆ స్నేహితుణ్ణి వదిలేసి, సదాశివయ్య గారి పేరే వేశాం.

ఇంకొకటి మరీ బాగుంది. 'పొద్దున్నే లోపల తేలికపడితే రోజంతా ఆలోచన తేలికపడుతుంది.' దీని కింద 'సదాశివయ్య' అని ఉంది. నాకు అనుమానం వచ్చి తవ్వితే ఆయన వేరే సదాశివయ్య. పక్క జిల్లాలో విరేచనాల చూర్ణం అమ్మిన వైద్యుడు.

"సార్, ఈయన ఆయన కాదు."

"పేరు ఒకటే కదా."

"పేరొకటేనండి. సరుకు వేరు."

నరహరి గారు కళ్ళు మూసుకుని ఆ వాక్యం మళ్ళీ చదువుకున్నారు. "లోపల తేలికపడటం అంటే చిత్తశుద్ధి నాయనా. నువ్వు పొట్ట దగ్గరే ఆగిపోయావు."

అప్పుడు నాకు కుతూహలం పుట్టింది. అసలు వద్దు అనే సూక్తి ఏదైనా ఉంటుందా అని. మా పీఠం గాజు తలుపు మీద ఒక స్టిక్కరు ఉంది. దాన్నే ఒక కాగితం మీద పెద్ద అక్షరాల్లో రాసి, కింద సదాశివయ్య గారి పేరు పెట్టి, బల్ల మీద ఉంచాను. 'నెట్టకండి, లాగండి.'

నరహరి గారు ఆ కాగితం చేతిలోకి తీసుకున్నారు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"మొత్తం సంస్కరణోద్యమం ఈ రెండు మాటల్లో ఉందయ్యా. వెనకబడిన వర్గాలని నెట్టకండి, పైకి లాగండి. ఎంత సరళంగా చెప్పాడు!"

అని ఆ గాజు తలుపునే లాక్కుని బయటికి వెళ్ళారు.

ఈ ఉత్సాహంలోనే పైన చెప్పిన నియమం వచ్చింది. 'విశ్వవిద్యాలయ ప్రాంగణమందు ప్రదర్శింపబడు స్ఫూర్తిదాయక వాక్యములన్నిటి క్రింద వ్యవస్థాపక మహనీయుని నామధేయము విధిగా ఉండవలెను. నామరహిత వాక్యములు పీఠము వారి పరిశీలనకు పంపబడును.' పరిశీలనకి వచ్చిన వాక్యం ఏదీ పేరు లేకుండా తిరిగి వెళ్ళలేదు.

ఇదంతా సరదాగానే ఉండేది, మా తవిటినాయుడు ఇందులో ఇరుక్కోకపోతే.

తవిటినాయుడు హాస్టల్లో నా రూమ్మేటు. ఎకనామిక్స్ ఎం.ఏ. చివరి ఏడాది. సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ ఎవరితోనో లెక్క తేల్చుకోవాల్సినట్టు ఉంటాడు. ఆ ఏడాది మెస్ కార్యదర్శి వాడే. మెస్సులో రోజూ పెరుగు దగ్గర గొడవ. ఆలస్యంగా వచ్చినవాళ్ళకి గిన్నె ఖాళీ. వాళ్ళు వంటవాళ్ళ మీద పడేవారు. వీడు కొన్నాళ్ళు గిన్నె పక్కన నిలబడి చూశాడు. పెరుగు సరిపడానే వస్తోంది, ముందు వరసలో ఉన్నవాళ్ళు గరిటెలకి గరిటెలు వేసుకుంటున్నారు. చూసి ఒక నోటీసు రాసి గోడకి అంటించాడు:

'పెరుగు అయిపోయిందని వంటవాళ్ళ మీద అరవకండి. మీకంటే ముందు వచ్చినవాళ్ళు ఎంత వేసుకున్నారో అడగండి. – తవిటినాయుడు, మెస్ కార్యదర్శి.'

గొడవ తగ్గింది. దాన్ని పట్టుకుని వీడు ప్రాజెక్టు రిపోర్టే రాసేశాడు: హాస్టల్ మెస్సుల్లో వడ్డన వరస, కొరత ఎలా పుడుతుంది అని. పిల్లల సంఖ్య, గరిటెల లెక్క, ఎవరు ఏ వేళకి వచ్చారు, అన్నీ వేశాడు. చాలా మంచి పని. అది చూసే కొండ మీద గిరిజన గురుకులంలో లెక్చరర్ పోస్టు ఇస్తామన్నారు. జూన్‌లో చేరాలి. చేరేనాటికి డిగ్రీ చేతిలో ఉండాలి.

ఏప్రిల్లో ఒక మధ్యాహ్నం గదిలోకి వచ్చి మంచం మీద కూలబడ్డాడు.

"ఒరే సన్నాసీ, నాను దొంగనంటరా."

"ఎవరన్నారు?"

"కంప్యూటరు."

మా వర్సిటీలో రిపోర్టులన్నీ కాపీ పట్టే సాఫ్ట్‌వేర్‌లో వేస్తారు. ఎక్కడైనా ముందే ఉన్న మాటలు వరసగా కలిస్తే ఎర్రగా చూపిస్తుంది. వీడి రిపోర్టులో మిగతాదంతా శుభ్రంగా ఉంది. మొదటి పేజీలో, ముగింపులో ఒకే వాక్యం ఎర్రగా మెరిసింది:

'అయిపోయిందని అరవకు. ముందు వచ్చినవాడు ఎంత తీసుకున్నాడో అడుగు.'

పక్కనే మూలం: కొమరగిరి సదాశివయ్య, 'శతవాణి', అరవై ఒకటో సూక్తి.

నేను శతవాణి తీసి చూశాను. నిజమే, ఉంది. అచ్చు వేసింది మేమే. ప్రూఫు చూసింది నేనే.

"ఇది నీ నోటీసే కదరా. కానీ నువ్వు రాసింది ఇలా లేదు. పెరుగేదీ?"

"గైడు తీయించీసినాడు. 'పెరుగు అనే మాట అకడమిక్‌గా లేదయ్యా' అన్నాడు. అన్జెప్పి, 'ఈ వాక్యం ఎక్కడో విన్నాను, ఇలా ఉండాలి' అని తనే పెన్నుతో దిద్దినాడు. నాను సూసి బాగుందే అనుకున్నాను."

గైడు జగ్గారావు గారు చెడ్డవారు కాదు. ఎక్కడో వినడమే ఆయన చేసిన పొరపాటు. వాడి మాట వాడి రిపోర్టులోనే తప్పుగా ఉన్నట్టు అనిపించింది ఆయనకి, ఎందుకంటే బయట తిరిగే మాట చెవికి అలవాటైపోయింది.

రెండో రోజు మెమో వచ్చింది. 'వ్యవస్థాపక మహనీయుని సూక్తిని స్వీయ రచనగా చూపిన అభియోగమై, గ్రంథచౌర్య నిరోధక సంఘము ఎదుట హాజరు కావలసినదిగా తెలియజేయడమైనది.' దానితో జతగా ఒక క్షమాపణ పత్రం. సంతకం పెడితే రిపోర్టు పాసవుతుంది, కానీ రికార్డులో 'చౌర్యము – మన్నించబడినది' అని రాస్తారు. అది చూశాక గురుకులం వాళ్ళు పిల్లల మధ్యకి రానివ్వరు. సంతకం పెట్టకపోతే డిగ్రీ ఆగుతుంది. రెండు దారులూ కొండ దిగువనే ఆగిపోయాయి.

"సంతకం పెట్టీమంతావేటి?" అన్నాడు తవిటినాయుడు.

"వద్దు. ఈ మాట ఆయన దగ్గరికి ఎలా వెళ్ళిందో చూద్దాం. కాళ్ళు లేనిది కదా, ఎవరో మోసే ఉంటారు."

వెనక్కి నడవడం మొదలుపెట్టాను. శతవాణిలో ప్రతి సూక్తికీ చివర ఆధారం ఉంటుంది. అరవై ఒకటికి ఆధారం, ఒక దినపత్రిక వార్త. ఆ వార్తలో ఏముందంటే, వ్యవస్థాపక దినోత్సవంలో వైస్ చాన్సలర్ గారు ప్రసంగిస్తూ సదాశివయ్య గారి మాటని గుర్తుచేశారని. విలేకరి తన పని తను సక్రమంగా చేశాడు. వీసీ గారు చెప్పింది చెప్పినట్టు వేశాడు. సదాశివయ్య గారు అన్నారా లేదా అని చూడటం అతని పని కాదు.

ప్రసంగం రాసిన పీఆర్వో గారి దగ్గరికి వెళ్ళాను.

"నెట్‌లో కొట్టానయ్యా. ఎన్ని వచ్చాయో తెలుసా? బోలెడు. అన్నిట్లోనూ ఆయన పేరే. ఇంతమంది అబద్ధం చెబుతారా?"

ఆ బోలెడూ తెరిచి చూశాను. ఒకటి చూసి ఇంకొకటి, దాన్ని చూసి మరొకటి వేసినవి. అన్నిట్లో ఒకే అక్షరదోషం ఒకే చోట ఉంది. వందమంది సాక్షులు కాదు, ఒక్క సాక్షికి వంద చొక్కాలు. కొన్ని పేజీల్లో కింద ఆధారం కూడా కొత్తగా చేర్చారు. 'చూడుడు: శతవాణి, 61.' పేజీని చూసి వీసీ గారు, వీసీ గారిని చూసి పత్రిక, పత్రికని చూసి మేము, మమ్మల్ని చూసి పేజీ. గుండ్రంగా చేతులు పట్టుకుని నిలబడ్డాం. మధ్యలో ఎవరూ లేరు.

తేదీల ప్రకారం అన్నిటికంటే పాతది 'ఉదయ స్ఫూర్తి' అనే పేజీలో ఉంది. సూర్యోదయం బొమ్మ, ఒక మూల సదాశివయ్య గారి ముఖం, పక్కన వాక్యం. ఆ పేజీ నడిపే హరిప్రసాద్‌ది మా గేటు ఎదుట ఫోన్ల దుకాణం. అంత వెతికి చివరికి రోడ్డు దాటితే సరిపోయింది.

"అవును బ్రో, నేనే వేశాను. బాగా పోయింది అది."

"ఇది సదాశివయ్య గారిదని నీకెలా తెలుసు?"

"ఫోటోలో ఆయన పేరే ఉంది కదా." ఫోన్ తిప్పి చూపించాడు. వాట్సాప్‌లో వచ్చిన ఫోటో. మా మెస్సు గోడ. పైన సదాశివయ్య గారి పటం, పటానికి ఇత్తడి పేరుపలక, దాని కింద సరిగ్గా తవిటినాయుడు నోటీసు. ఎవరో నవ్వుకోడానికి తీసి పంపారు. స్టేటస్‌లో పట్టేలా చుట్టూ కత్తిరించారు. కత్తిరించినప్పుడు నోటీసు కింద ఉన్న తవిటినాయుడు సంతకం పోయింది. పైనున్న ఇత్తడి పలక మిగిలింది. ఒక్కరు కూడా అబద్ధం ఆడలేదు. కత్తెర మాత్రం పేదవాడి వైపు పడింది.

"ఇందులో పెరుగు ఉంది కదా. నీ దాంట్లో లేదే?"

"పెరుగుంటే ఎవడు షేర్ చేస్తాడు బ్రో? పెరుగు ఉంటే మెస్సులోవాళ్ళకే పనికొస్తుంది. తీసేస్తే అందరికీ పనికొస్తుంది. ఆస్తి పంచుకున్న అన్నదమ్ములు పెట్టుకున్నారు, సీటు రాని లీడర్లు పెట్టుకున్నారు. 'అరవకండి' కూడా బాలేదు. మహానుభావులు మనల్ని అండీ అనరు కదా, 'అరవకు' అంటారు."

"మొదట పేరు లేకుండా వేసి చూడలేదా?"

"చూశాను. మా బావ ఒక్కడే లైకు కొట్టాడు. మధ్యాహ్నం ఆయన మొహం పెట్టి మళ్ళీ వేశాను. సాయంత్రానికి ఫోన్ వేడెక్కిపోయింది." అంటూ భుజం తట్టాడు. "మాట ఎవడిదైతే ఏంటి బ్రో, మొహం బాగుండాలి."

ఈ సంగతంతా కాగితం మీద పెట్టి, ఫోటోలు జతచేసి సంఘం ముందుకి వెళ్ళాం.

అధ్యక్షురాలు డాక్టర్ కనకదుర్గాంబ మేడం. ఒక పక్క నరహరి గారు, ఇంకో పక్క జగ్గారావు గారు. మధ్యలో ఒక కంప్యూటరు. తవిటినాయుడు ఇస్త్రీ చొక్కా వేసుకుని ముద్దాయిలా నిలబడ్డాడు. వాడి తరఫున నేను మొత్తం చదివాను. మెస్సు ఫోటో తేదీ, దాని కంటే ముందు ఈ వాక్యం ఎక్కడా అచ్చులో గానీ నెట్‌లో గానీ లేకపోవడం, సదాశివయ్య గారు పోయిన ఏడు, ఆయన రాసిన ఒకే ఒక్క వ్యాసంలో ఇది లేకపోవడం, అన్నీ చెప్పాను.

నరహరి గారు చిరునవ్వు నవ్వారు. "మహనీయుడు దివంగతుడై ఎనభై యేళ్ళు. వాక్యం కనిపించింది నిరుడు. అంటే మధ్యకాలంలో ఏమి జరిగినట్టు?"

"ఏమీ జరగలేదండి. అందుకే ఆయనది కాదంటున్నాను."

"కాదు నాయనా. ఆ కాలమంతా ఆ వాక్యం ప్రజల నాలుకల మీద మౌనంగా ప్రవహించింది."

"నాలుకల మీద మౌనంగానా సార్?"

"మౌఖిక సంప్రదాయం అంటే అదే."

మేడం కలగజేసుకున్నారు. "మీ వాదన ప్రకారం ఆయన అనలేదు. అనలేదని రుజువుందా?"

"అనని మాటకి రుజువు ఎక్కడ దొరుకుతుంది మేడం? అన్నారనేవాళ్ళే ఎక్కడ, ఎప్పుడు, ఎవరితో అన్నారో చూపించాలి కదా."

"చూపించాం కదా. శతవాణి, అరవై ఒకటి."

"అది మేమే వేశామండి."

"అందువల్లే నమ్మదగినది," అన్నారు నరహరి గారు వినయంగా.

"పోనీ ఈ వాక్యం నాదేనండి," అన్నాడు తవిటినాయుడు. "నాను బతికే ఉన్నాను. నన్నే అడగొచ్చు కదా."

మేడం నిబంధనల పుస్తకం తిరగేశారు. "బతికి ఉన్న వ్యక్తుల వాక్యాలకి సూక్తి హోదా కల్పించే వెసులుబాటు ప్రస్తుత నిబంధనల్లో లేదు. మరణానంతరం దరఖాస్తు చేసుకోవచ్చు."

"నా ఉద్యోగం జూన్‌లో మేడం."

"అంత తొందరైతే ఎలా?"

మేడం క్షమాపణ పత్రం ముందుకి తోసి, పెన్ను దాని మీద పెట్టారు. తవిటినాయుడు పెన్ను తీసుకోలేదు. కంప్యూటరు తెర మీద ఎర్రగా ఉన్న ఆ వాక్యం కేసి చూస్తూ ఉండిపోయాడు. పెదాలు కదుపుతూ ఒకసారి, మళ్ళీ ఒకసారి చదివాడు. కొత్త మనిషిని చూసినట్టు చూశాడు.

"మేడం, ఇది నాది కాదండి."

నరహరి గారు కుర్చీలో నిటారుగా అయ్యారు. "ఒప్పుకున్నాడు! రాసుకోండి!"

"రాసుకోండి. ఇది నాది కాదు. నానెప్పుడూ ఇలాగ అన్లేదు. 'అయిపోయిందని అరవకు' అంటే ఏటయిపోయింది? ఎవలి మీద అరవకు? ఎవుడికేటి చెప్తన్నట్టిది? నా వాక్యంలో పెరుగుంది. వంటవాళ్ళున్నారు. వంటవాళ్ళ మీద అరవొద్దనేసే కదా నాను రాసింది. వాళ్ళనే తీసీసినారు."

"అయితే?" అన్నారు మేడం.

"అయితే ఏటుంది మేడం. నా రిపోర్టులోంచి ఈ వాక్యం తీసి పారీండి. నా నోటీసు ఉన్నదున్నట్టు పెట్టీండి. అప్పుడు మిషన్నే అడగండి, దొంగనో కాదో."

నిబంధనల పుస్తకంలో దీన్ని ఆపే పేజీ దొరకలేదు. ఆపరేటరు టైపు చేశాడు: పెరుగు అయిపోయిందని వంటవాళ్ళ మీద అరవకండి. మీకంటే ముందు వచ్చినవాళ్ళు ఎంత వేసుకున్నారో అడగండి. బటన్ నొక్కాడు. చక్రం తిరిగింది, తిరిగింది. తెర పచ్చగా అయింది. ఈ వాక్యం ప్రపంచంలో ఎక్కడా అక్షరాల్లో లేదు. ఉన్న ఒక్క చోటా ఫోటోలో ఉంది, ఫోటోలో రాతని ఆ సాఫ్ట్‌వేర్ చదవలేదు. లక్షలమంది పంచుకున్నది వేరే వాక్యం. అసలుది ఎవరికీ అక్కర్లేక అక్కడే గోడ మీద ఉండిపోయింది, కొత్తగా.

"స్వీయ రచన," అని చదివాడు ఆపరేటరు.

జగ్గారావు గారు గొంతు సవరించుకున్నారు. "పెరుగు ఉంచాలని నేను మొదటినుంచీ అనుకుంటూనే ఉన్నాను మేడం."

తీర్మానం అక్కడే రాశారు. 'పెరుగుతో కూడిన వాక్యము విద్యార్థిదిగాను, పెరుగు రహిత వాక్యము వ్యవస్థాపక మహనీయునిదిగాను సంఘము ఏకగ్రీవముగా గుర్తించినది. అభియోగము ఉపసంహరించడమైనది.' తవిటినాయుడు నమస్కారం పెట్టి, ఎవరి మనసు ఎప్పుడు మారుతుందోనని పరుగులాంటి నడకతో బయటపడ్డాడు.

నేను ఆగి నరహరి గారిని అడిగాను. "సార్, రెండో ముద్రణలో అరవై ఒకటి తీసేద్దామా? పోనీ, కింద చిన్న వివరణ పెడదాం. ఇది మెస్సులో పుట్టిందని."

"వివరణకి మొహం ఉండదు నాయనా," అన్నారాయన ఎంతో ప్రేమగా. "మొహం లేనిదాన్ని ఎవరు చదువుతారు?"

హరిప్రసాద్ చెప్పిందే ఇదీ. ఆయన సంస్కృతం చదువుకున్నారు కాబట్టి ఇంకాస్త నెమ్మదిగా చెప్పారు.

తవిటినాయుడు జూన్‌లో కొండెక్కాడు. సిగ్నల్ దొరికే బండ మీదికి వచ్చి ఆదివారాలు ఫోన్ చేస్తాడు. మనిషి మాటతీరు మారిపోయింది. ఒక్క ముక్కలో ఏదీ చెప్పడు. బాగున్నావా అంటే, "నిన్న కుడికాలు బెణికింది, ఈయాల పర్లేదు, గుంపస్వామి మేస్టారు ఆముదం రాసినాడు," అంటాడు. పక్కవాడి పేరు, రోజు, ఊరు, ఏదో ఒకటి తగిలించకుండా వాక్యం వదలడు.

మొన్న ఆదివారం తను హాస్టల్ వంటశాల గోడకి పెట్టిన నోటీసు చదివి వినిపించాడు.

"'శుక్రవారం భోజనంలో ఎనిమిదో తరగతి బి సెక్షన్ అప్పలనాయుడు మూడు గుడ్లు తీసుకున్నాడు. అందుచేత వరస చివర నిలబడ్డ ఆరో తరగతి తిరుపతికి గుడ్డు లేదు. సోమవారం అప్పలనాయుడు తన గుడ్డు తిరుపతికి ఇవ్వాలి. వంట జోగమ్మ తప్పేమీ లేదు. ఇట్లు, తవిటినాయుడు, ఎకనామిక్స్.' ఎలాగుంది?"

నాకు జాలేసింది. "ఇంత పొడుగ్గా ఉంటే ఎలారా? ఇందులో స్ఫూర్తేముంది? ఒక్కడు కూడా ఫార్వర్డ్ చెయ్యడు."

"సెయ్యకపోతే సెయ్యకపోనీ," అన్నాడు తవిటినాయుడు. "తిరుపతికి గుడ్డు వచ్చింది."